బాణం వెనక్కి గీయి

చిరంజీవికి,

నీ రాతప్రతి చేరింది. "మాస్టారూ" అని సంబోధించావు కాబట్టి నువ్వు అనే చనువు తీసుకుంటున్నాను. గ్రూప్స్ పరీక్షలు రాసే పిల్లల కోసం ఆధునిక ఆంధ్ర చరిత్ర సిలబస్‌ను తేదీల వరుసగా మార్చాలన్న ఆలోచన మంచిదే. కానీ 23వ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ ఇలా రాశావు: "1955 – ఫజల్ అలీ కమిషన్ నివేదిక. 1956 – కమిషన్ సిఫారసు మేరకు ఆంధ్రప్రదేశ్ అవతరణ."

ఈ ఉత్తరం రాయించింది ఆ రెండో వాక్యమే. అది తప్పు. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఆ కమిషన్, 1955 సెప్టెంబర్ 30న ఇచ్చిన నివేదికలో తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే అప్పుడు ఆంధ్రతో కలపవచ్చంది. ఆ గడువు రాకుండానే 1956 నవంబర్ 1న రెండూ కలిశాయి. అంటే నివేదికకు, అవతరణకు మధ్య ఉన్న పదమూడు నెలల్లో ఏదో జరిగింది. పిల్లవాడు నేర్చుకోవలసింది ఆ పదమూడు నెలలనే. నీ వరుసలో 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నేతలు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం ఉంది, కాని దానికి ముందూ వెనకా ఏమీ లేదు. కలిస్తే తమ ఉద్యోగాలు, తమ ఆదాయం ఏమవుతాయోనన్న తెలంగాణ వారి భయాన్ని కమిషన్ తన నివేదికలోనే రాసింది. ఆ భయాన్ని పక్కన పెట్టి కలపాలంటే హామీలు ఇవ్వక తప్పదు. ఒప్పందం అక్కడి నుంచి పుట్టింది.

నీకు ఈ పొరపాటు ఎలా వచ్చిందో నాకు తెలుసు. రెండు సంవత్సరాలు కింద కింద రాయగానే కన్ను తనంతట తాను మొదటిదాన్ని రెండోదానికి కారణం చేసేస్తుంది. అందుకే ముందుకు బాణం గీయకూడదని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. బాణం వెనక్కి గీయాలి. ప్రతి సంఘటన దగ్గరా నిలబడి, "ఇది దేనికి బాకీ?" అని అడగాలి. అనుమానం వస్తే ఇంకో ప్రశ్న: ఆ ముందు సంఘటన లేకపోయినా ఇది ఇలాగే జరిగేదా? జరిగేదైతే బాణం వద్దు.

ఒకటి చేసి చూపిస్తాను. 1952 డిసెంబర్ 19న నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. దాని మీద వేలు పెట్టి వెనక్కి నడువు. నాలుగు రోజుల కిందట, డిసెంబర్ 15 రాత్రి, మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు కన్నుమూశారు. దీక్ష మొదలైంది అక్టోబర్ 19న, అంటే యాభై ఎనిమిది రోజులు. ఆ మరణం, దాని వెంట కోస్తా అంతటా రేగిన అల్లర్లు లేకపోతే డిసెంబర్ 19 లేదు. మొదటి బాణం అక్కడికి. అందరూ ఇక్కడితో ఆగిపోతారు, నువ్వూ ఆగిపోయావు. కానీ ప్రకటనను మళ్లీ చదువు. వివాదం లేని తెలుగు ప్రాంతాలతో రాష్ట్రం, అందులో మద్రాసు నగరం ఉండదు. శ్రీరాములు దీక్ష పట్టింది మద్రాసుతో కూడిన రాష్ట్రం కోసం. మరి మద్రాసు ఎందుకు పోయింది? దానికి జవాబు 1949 ఏప్రిల్‌లో ఉంది. నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ, మద్రాసు మీద హక్కు వదులుకుంటే ఆంధ్రుల కోరికను పరిశీలించవచ్చని అప్పుడే చెప్పింది. కాబట్టి డిసెంబర్ 19 నుంచి రెండు బాణాలు పోతాయి. ఎప్పుడు ఇచ్చారన్నదానికి నాలుగు రోజుల బాణం, ఏమి ఇచ్చారన్నదానికి మూడున్నరేళ్ల బాణం.

పొడుగు బాణాలే పరీక్షలో జారిపోతాయి. 1937 నవంబర్ 16న కోస్తా, రాయలసీమ నేతలు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికను నీవు ఒక గడిలో పెట్టి ముగించావు. రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదని, ఒకటి రాయలసీమలో ఉంటే మరొకటి కోస్తాలో ఉండాలని మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కూర్చుని ఒప్పుకున్నారు. ఎంపిక రాయలసీమకు వదిలారు. పదహారేళ్ల తర్వాత, 1953 అక్టోబర్ 1న, కర్నూలు రాజధాని అయింది. మరుసటి ఏడు గుంటూరులో హైకోర్టు పెట్టారు. కర్నూలు దగ్గర నిలబడి వెనక్కి చూసినవాడికే శ్రీబాగ్ కనబడుతుంది.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పాలి. తొంభైలలో చిక్కడపల్లిలో ఒక ఇరుకు గదిలో ఉంటూ, పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు ఈ వరుసలు రాసి గోడ నిండా అంటించుకునేవాణ్ని. మూడు గడులు ఉండేవి: తేదీ, ఎవరు ఏమి చేశారు, దేనికి బాకీ. పుస్తకంగా వేస్తానన్న ప్రచురణకర్త, కాగితం ఖర్చు పెరుగుతుందని నాకు చెప్పకుండానే మూడో గడి తీసేశాడు. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. రెండేళ్ల తర్వాత కోచింగ్ సెంటర్‌లో మాదిరి పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, "కమిషన్ సిఫారసు మేరకు" అన్న మాట ఒకటి తర్వాత ఒకటిగా కనబడింది. వాళ్లంతా చదివింది నా పుస్తకమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు అంతా బిట్ల యుగం. ఒక్క వాక్యం, ఒక్క సంవత్సరం, ఒక్క మార్కు. సంపాదకులు అదే అడుగుతున్నారు, అది నాకు మంటగా ఉంటుంది.

సిలబస్ నామవాచకాల్లో ఉంటుంది: "ఆంధ్రోద్యమం", "ముల్కీ సమస్య". నువ్వు వాటిని అలాగే దింపేశావు. ప్రతిదాన్నీ క్రియ ఉన్న వాక్యంగా మార్చు. ఎవరు, ఏ రోజు, ఏమి చేశారో రాయలేకపోతే అది సంఘటన కాదు, నెమ్మదిగా పెరిగిన పరిస్థితి. ముల్కీలకు, అంటే స్థానికులకు, దక్కాల్సిన ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయన్న ఫిర్యాదు అలాంటిదే. దానికి ఒక తేదీ ఇవ్వకు. పేజీ అంచున పైనుంచి కిందికి ఒక పట్టీ గీసి, అది బయటపడిన చోట మాత్రమే తేదీ వేయి.

ఇంకొకటి. మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్రను, హైదరాబాద్ రాష్ట్రాన్ని పక్కపక్కన రెండు వరుసలుగా రాయి. నువ్వు వేర్వేరు అధ్యాయాల్లో పెట్టావు. అందువల్ల 1952 నీకు కనబడలేదు. ఆ సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో నాన్‌ముల్కీలు వెళ్లిపోవాలని విద్యార్థులు వీధికెక్కారు, పోలీసు కాల్పులు జరిగాయి. మరుసటి నెలే మద్రాసులో శ్రీరాములు దీక్షకు కూర్చున్నారు. ఒక ఊళ్లో బయటివారు వద్దని, మరో ఊళ్లో తెలుగువారికి రాష్ట్రం కావాలని. ఈ రెండూ ఒకే గీత మీద చూసినవాడికి మూడేళ్ల తర్వాత ఫజల్ అలీ కమిషన్ ఎందుకు తటపటాయించిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వరుస కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే తేదీల గడిని స్కేలుతో మూసి, కిందినుంచి పైకి చదువు. కమిషన్ వేసిన తేదీ మరిచిపోయావనుకో. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మిగతా భాషలవాళ్లు కూడా గట్టిగా అడిగారు, అందుకే కమిషన్ వేశారు. కాబట్టి అది 1953 అక్టోబర్‌కు ముందు ఉండదు. డిసెంబర్ అని గుర్తుకొస్తుంది. అలా గుర్తుకు రాకపోతే ఆ బాణం కంఠస్థం చేసిన బాణమే.

ముఖచిత్రం సంగతి, ఎన్ని ప్రతులు వేయాలన్న సంగతి అడిగావు. వాటి గురించి తర్వాత ఎప్పుడైనా. ముందు 1952 నుంచి 1956 వరకు ఉన్న నాలుగు పేజీలు చింపేసి, రెండు వరుసల్లో మళ్లీ రాసి పంపు. మూడో గడి ఏ ప్రచురణకర్త అడిగినా తీయనని ఆ కాగితం పైనే రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు