ఏఐ అవతార్‌కి తెలుగు స్క్రిప్ట్: వాక్యాన్ని ఎక్కడ తెంచాలి?

ప్రశ్న: ఏఐ అవతార్‌తో తెలుగు వీడియోలు చేస్తున్నాను. వాక్యం పొడుగైతే గొంతు కాగితం చూసి చదివినట్టు ఉంటోంది. చిన్న ముక్కలు చేస్తే డిక్టేషన్ చెబుతున్నట్టు ఉంటోంది. సహజంగా వినిపించాలంటే ఎలా రాయాలి?

జవాబు:

రైతుల కోసం వ్యవసాయ వీడియోలకు స్క్రిప్టులు రాస్తుంటాను. కెమెరా ముందు మనిషి ఉండరు, అవతారే మాట్లాడుతుంది. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ నాకు ఒకే వీడియోలో ఎదురయ్యాయి. అది వరి విత్తన శుద్ధి వీడియో. కరపత్రంలో ఉన్న వాక్యాన్ని మొదట ఉన్నదున్నట్టు పెట్టేశాను:

"లీటరు నీటికి 1 గ్రా. కార్బెండజిమ్ చొప్పున కలిపిన ద్రావణంలో విత్తనాలను 24 గం. నానబెట్టి, ఆ తర్వాత 24 గం. మండె కట్టి, మొలకెత్తిన విత్తనాన్ని నారుమడిలో చల్లుకోవాలి."

మండె కట్టడం అంటే నానిన విత్తనాన్ని గోనెసంచిలో మూటకట్టి మొలకెత్తనివ్వడం. కాగితం మీద ఈ వాక్యానికి వంక పెట్టడానికి లేదు. వీడియో మా పెదనాన్నకి చూపిస్తే మధ్యలో ఆపించి, "గ్రాము అని ఆగిపోయిందేంట్రా? దేంట్లో గ్రాము?" అని అడిగాడు. "గ్రా." పక్కన ఉన్న చుక్కని ఆ గొంతు వాక్యం చివర అనుకుంది. అక్కడ స్వరం దించి, ఊపిరి తీసుకున్నంత సేపు ఆగి, "కార్బెండజిమ్ చొప్పున" అని కొత్త వాక్యంలా ఎత్తుకుంది. "గం." దగ్గరా అదే జరిగింది. అందుకే గొంతుకిచ్చే కాపీలో గ్రా., గం., రూ., డా. లాంటి పొట్టి రూపాలు ఒక్కటీ ఉంచను. అంకెల్ని కూడా అక్షరాల్లోనే రాస్తాను. 24 అని పెడితే కొన్ని గొంతులు ట్వెంటీఫోర్ అంటాయి, కొన్ని ఇరవై నాలుగు అంటాయి. ఏది వస్తుందో మన చేతిలో ఉండదు.

అయితే చుక్కలు తీసేసినా ఆ వాక్యం బాగుపడలేదు. అసలు చిక్కు "కలిపిన ద్రావణంలో" అన్న చోట ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. దాని ముందు "కలిపిన", "నానబెట్టి", "కట్టి" అని ఎన్ని తగిలించినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. మనిషి చదివితే అర్థం చూసుకుని, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తనే ఎంచుకుంటాడు. యంత్రపు గొంతు ఎక్కువగా కామాని, చుక్కని పట్టుకుని నడుస్తుంది. అవి లేని పొడుగు దారిలో ఒకే ఎత్తున సాగి, అక్కరలేని చోట ఆగి, చివరి రెండు మాటల్ని మింగేస్తుంది. "చల్లుకోవాలి" అన్నది నాకు సగమే వినపడింది.

దాంతో రెండోసారి పూర్తిగా అటు వైపు పోయాను:

"నీళ్లు తీసుకోండి. మందు కలపండి. విత్తనం వేయండి. ఒక రోజు నానబెట్టండి. మండె కట్టండి."

మీరన్న డిక్టేషన్ ఇదే. వాక్యాలన్నీ ఒకే పొడుగు, అన్నీ "అండి"తోనే ముగింపు. ప్రతి చుక్క దగ్గరా గొంతు ఒకేలా దిగుతుంది, ఒకేలా మళ్లీ మొదలవుతుంది. బొమ్మలో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆగిన ప్రతిసారీ అవతార్ నోరు మూసుకుని, తల నిలబెట్టి, మళ్లీ కదిలింది. అయిదు వాక్యాలకి అయిదుసార్లు అదే కదలిక. పైగా మోతాదు ఎక్కడో జారిపోయింది.

చివరికి నిలిచింది ఇది:

"ముందు మందు నీళ్లు తయారు చేసుకోండి. లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండజిమ్ చాలు. ఆ నీటిలో విత్తనాన్ని ఇరవై నాలుగు గంటలు నానబెట్టండి. తర్వాత నీళ్లు వంచేసి, ఇంకో ఇరవై నాలుగు గంటలు మండె కట్టాలి. మొలక వచ్చిందా? ఇక నారుమడిలో చల్లుకోవచ్చు."

ఇక్కడ ఏం మారిందో చూడండి. "కలిపిన ద్రావణంలో" అన్న ముక్కని లోపలి నుంచి లాగి, ముందే సొంత వాక్యంగా పెట్టాను. "నానబెట్టి" అన్నదాన్ని "నానబెట్టండి" చేసి అక్కడ తెంచాను. పనికీ దాని కొలతకీ మధ్య మాత్రం తెంచలేదు. లీటరు, గ్రాము, మందు పేరు ఒక్క ఊపిరిలో రావాలి. అలాగే "ఇరవై నాలుగు గంటలు నానబెట్టండి" అన్నది విడిపోకూడదు. "వంచేసి" దగ్గర ఒక కామా చాలు, అది రెండు చిన్న పనుల్ని ఒకే వాక్యంలో మోస్తుంది. ఇలా రెండు పనులున్న వాక్యం మధ్యమధ్యలో ఒకటి పడితేనే డిక్టేషన్ పోయింది.

నన్నడిగితే పొడుగు కంటే వాక్యాల చివరలే ముఖ్యం. పై ముక్కలో ముగింపులు వరుసగా "చేసుకోండి, చాలు, నానబెట్టండి, కట్టాలి, వచ్చిందా, చల్లుకోవచ్చు". ఏ రెండు పక్కపక్కన ఒకేలా లేవు కాబట్టి గొంతు కూడా ఒకే రాగం తీయదు. "వచ్చిందా" పక్కన ప్రశ్న గుర్తు మర్చిపోవద్దు. అది లేకపోతే కొన్ని గొంతులు చెప్పినట్టే చెప్పేస్తాయి, అడిగినట్టు ఉండదు. ప్రశ్నలు నిమిషానికి ఒకటి దాటించను. దాటితే క్లాసులో కూర్చున్నట్టు ఉంటుంది.

పొడుగుకి నేను మాటలు లెక్కపెట్టను. తెలుగులో ఒక్క మాటే "తయారుచేసుకోవాలనుకుంటున్నవాళ్లు" అంత ఉండొచ్చు. పైకి చదివి ఫోన్‌లో స్టాప్‌వాచ్ చూస్తాను. నాలుగైదు సెకన్లు దాటితే తెంచుతాను. "ఆ నీటిలో విత్తనాన్ని" వాక్యం ఏడు మాటలే అయినా ఆ హద్దుకి దగ్గరగానే ఉంటుంది.

ఎక్కువసేపు ఆగాల్సిన చోట, ఉదాహరణకి బొమ్మ మారేటప్పుడు, కొన్ని టూల్స్‌లో ఇలా పెట్టుకోవచ్చు:

```
<break time="600ms"/>
```

ముందు ఒక్క లైన్‌లో పెట్టి వినండి. దీన్ని పట్టించుకోని టూల్స్ ఉన్నాయి, పైకి చదివేసేవీ ఉన్నాయి. వాక్యం మధ్యలో మాత్రం దీన్ని వాడకండి. అక్కడ ఆపాలనిపించిందంటే ఆ వాక్యాన్ని మళ్లీ రాయాల్సిందే.

వాక్యం తెంచితే పోని తప్పులూ ఉన్నాయి. "మండె" అన్నదాన్ని మా గొంతు "మండే" అని పలికింది, విత్తనం కాలిపోతున్నట్టుగా. ఎంత చిన్న వాక్యంలో పెట్టినా అదే పలుకు. మాటలకు ఉచ్చారణ నేర్పించే జాబితా మీ టూల్‌లో ఉంటే అందులో చేర్చండి. లేకపోతే గొంతుకిచ్చే కాపీలో స్పెల్లింగ్ మార్చి చూడండి, అదీ కుదరకపోతే వేరే మాట వెతుక్కోవాలి. పైన నిలిచిందన్న ముక్కలో కూడా ఆ ఒక్క మాటని గొంతు కోసం "మొలక కట్టాలి" అని మార్చి బయటపడ్డాను. ఈ కారణంగానే నా దగ్గర ఎప్పుడూ రెండు కాపీలుంటాయి. ఒకటి గొంతుకి, అందులో అన్నీ పలికినట్టు అక్షరాల్లో ఉంటాయి. రెండోది సబ్‌టైటిల్స్‌కి, అందులో మామూలుగా 24 గంటలు, 1 గ్రాము.

సరిచూసేటప్పుడు బొమ్మ ఆపేసి, వట్టి గొంతు వినండి. మొహం కదులుతుంటే మన కన్ను చెవి తప్పుల్ని మాఫీ చేసేస్తుంది. ప్రతి వాక్యం చివరి రెండు మాటలూ తేటగా వినపడ్డాయా, కొలత దగ్గర తెగిందా, ఈ రెండూ చూస్తే చాలావరకు దొరికిపోతాయి. తప్పున్న వాక్యాన్ని ఒక్కదాన్నే మళ్లీ తీయించకండి. దాని ముందు వాక్యం, వెనక వాక్యం కలిపి మూడూ తీయించండి. ఒక్కటే తీయిస్తే నాకు అది పక్క వాక్యాల కంటే హుషారుగా వచ్చింది, మధ్యలో వేరే మనిషి మాట్లాడినట్టు.