డాక్టర్ సలహా: పాదంలో నాడి ఆడుతుంటే కాలెందుకు కోశారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఉప్పల్. మా తమ్ముడికి 26 ఏళ్లు. ఏడు వారాల కింద మధ్యాహ్నం మూడింటికి బైకు మీద నుంచి పడి మోకాలి కిందే ఎముక విరిగింది. దగ్గర్లోని ఆసుపత్రిలో పిండికట్టు స్లాబ్ వేసి కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టమన్నారు. రాత్రి తొమ్మిది నుంచి నొప్పికి అల్లాడిపోయాడు. రెండు ఇంజెక్షన్లు ఇచ్చినా తగ్గలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కాలి ముందువైపు కండరంలో సూది గుచ్చి చూసి ప్రెషర్ 46 ఉందన్నారు, అప్పుడు బీపీ 116/68. మోకాలి వెనక రక్తనాళానికి సీటీ స్కాన్ తీశారు. రాత్రి రెండింటికి పిక్కకు రెండు పక్కలా పొడుగ్గా కోసి తెరిచే ఉంచారు. పాదంలో నాడి బాగానే ఉంది, వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. మరి కోయడం అవసరమా? తర్వాత తొడ చర్మం తీసి అతికించారు. ఇప్పుడు పాదం పైకి లేవడం లేదు. ఆపరేషన్‌లో నరం కోసేశారేమోనని మా అనుమానం.

సలహా: అవసరమే. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం, అంటే కాలి కండరాలుండే గదుల్లో ఒత్తిడి పెరిగి వాటికి రక్తం అందకపోవడం. మీరు రాసిన అంకెల్లోనే జవాబు ఉంది. బీపీలో కింది అంకె 68లోంచి 46 తీసేస్తే 22. ఈ తేడా 30 కంటే తగ్గి, లక్షణాలు కూడా ఉంటే తెల్లారేదాకా ఆగం. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నా అదే పని చేసేవాణ్ని.

పాదంలో నాడి దొరికితే కాలికి రక్తం బాగా అందుతున్నట్టే అనుకోవడం సహజం. డాక్టర్లం కూడా అలా మోసపోతాం. పీజీ చేసే రోజుల్లో వెదురు బద్దలతో బిగించి కట్టిన కాలుతో ఒకతను వచ్చాడు. పాదం మీద వేలు పెట్టి చూశాను, నాడి టకటకా కొట్టుకుంటోంది. కేస్ షీట్‌లో ‘పల్స్ ఉంది’ అని రాసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. పొద్దున రౌండ్స్‌లో మా సీనియర్ నాడి జోలికే పోలేదు. అతని కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా కిందికి వంచారు. అతను మంచం మీద నుంచి లేచి అరిచాడు. కాలు తెరిచేసరికి ముందు కండరం ఉడికిన మాంసం రంగులో ఉంది. గిల్లితే కదల్లేదు, కోస్తే రక్తం రాలేదు. ఆ కండరంలో చాలా భాగం తీసేయాల్సి వచ్చింది.

అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే మోకాలి వెనక నుంచి మొదలుపెట్టాలి. మోకాలు కొంచెం వంచి వెనక చెయ్యి పెట్టండి, మెత్తని గుంట తగులుతుంది. పైన రెండు పక్కలా తాళ్లలా తగిలేవి తొడ వెనక కండరాల స్నాయువులు. కింద రెండు పక్కలా ఉన్నవి పిక్క కండరం రెండు తలలు. ఈ నాలుగింటి మధ్య గాలిపటం ఆకారంలో ఉన్న చోటునే మేం పాప్లిటియల్ ఫోసా అంటాం. చర్మం వైపు నుంచి లోపలికి వెళ్తే ముందు నరం, దాని కింద సిర, అన్నిటికంటే లోతుగా ఎముకను ఆనుకుని ధమని. మన వాళ్లు ఈ మూడింటినీ ‘నరం’ అనే అంటారు, అందుకే ఇంట్లో ఒకరు చెప్పేది ఇంకొకరికి వేరేలా అర్థమవుతుంది.

ఆ ధమనికి ఒక చిక్కుంది. గుంటలోకి దిగేటప్పుడు తొడ కండరంలోని కంత దగ్గర, బయటికి పోయేటప్పుడు పిక్క లోపలి కండరం కమాను దగ్గర, రెండు చోట్లా అది బిగిసి ఉంటుంది. మధ్యలో ఎముక విరిగి కదిలితే పక్కకు తప్పుకోలేదు, సాగి లోపలి పొర చిట్లుతుంది. అలా చిట్లినా మొదటి కొన్ని గంటలు నాడి తగలొచ్చు. మీ తమ్ముడికి విరిగింది సరిగ్గా ఆ గుంటకు ఎదురుగా ఉన్న ఎముకే. సీటీ తీసింది అందుకే, అది దండగ ఖర్చు కాదు.

గుంట దాటగానే ధమని ముందుకో కొమ్మ, వెనక్కో కొమ్మగా చీలుతుంది. అక్కడి నుంచి కాలు నాలుగు గదులు. ముందు గదిలో పాదాన్ని, వేళ్లను పైకెత్తే కండరాలు ఉంటాయి. బయటి పక్క గదిలో పాదాన్ని బయటికి తిప్పేవి ఉంటాయి. వెనక రెండు గదులు, పైదాంట్లో చేతికి తగిలే పిక్క, లోపలిదాంట్లో వేళ్లను ముడిచేవి. గదుల మధ్య గోడలు ఎముకలు, వాటి మధ్య పొర, ఫేషియా. మటన్ కోసేటప్పుడు కండ మీద తెల్లగా, నిగనిగలాడుతూ కత్తికి అడ్డుపడే పొరను చూసే ఉంటారు, ఫేషియా అంటే అదే. అది దాదాపు సాగదు. బిగుతు గలీబులో ఇంకా ఇంకా దూది కుక్కినట్టు, లోపల రక్తం, వాపు పెరిగేకొద్దీ గది పెద్దది కాదు, ఒత్తిడే పెరుగుతుంది.

మామూలుగా ఆ గదిలో ఒత్తిడి 10 లోపే ఉంటుంది. పెరిగినప్పుడు ముందు నలిగేవి పల్చటి గోడలున్న చిన్న సిరలు. రక్తం బయటికి పోయే దారి మూసుకుంటుంది, ధమని మాత్రం లోపలికి పంపుతూనే ఉంటుంది. దాంతో వాపు ఇంకా పెరిగి, ఆ వాపు మళ్లీ సిరల్నే నొక్కుతుంది. ఇంకొంచెం పెరిగితే కండరంలోని సన్నని రక్తనాళాలు కూడా మూతపడతాయి. కానీ పెద్ద ధమనిలో పై ఒత్తిడి 116, దాన్ని 46 మూయలేదు. అందుకే అది గదిలోంచి సాగి పాదం దాకా వెళ్లి మీ వేలికి నాడిగా తగులుతుంది. రోడ్డు కింద మెయిన్ పైపులో మంజీర నీళ్లు పారుతున్నంత మాత్రాన మూడో అంతస్తు కుళాయిలో రావాలని లేదు కదా. నాడి పోయేదాకా ఆగితే అప్పటికి కండరం ఎలాగూ పోయి ఉంటుంది.

మరి ముందుగా తెలిసేదెలా? విరిగిన ఎముకకు తగ్గ నొప్పి కాదు, గంట గంటకూ పెరిగే నొప్పి. స్లాబ్ వేశాక విరిగిన కాలు కుదుటపడాలి, మీ తమ్ముడికి తొమ్మిది నుంచి ఎక్కువైంది. రెండు ఇంజెక్షన్లకు లొంగకపోవడమే పెద్ద గుర్తు, మూడోది ఇచ్చే బదులు కట్టు విప్పి చూడాలి. స్లాబ్ అంచు కోస్తే చాలదు. కింది దూది, బ్యాండేజీతో సహా చర్మం కనిపించేదాకా కోయాలి, రక్తంలో తడిసి ఎండిన దూది సిమెంటు కంటే గట్టిగా పట్టేస్తుంది. తర్వాత బొటనవేలు కిందికి వంచితే ముందు కండరం సాగి నొప్పి పుడుతుంది. బొటనవేలికి, పక్క వేలికి మధ్య చర్మం మొద్దుబారితే ముందు గదిలోని నరం ఇబ్బందిలో ఉన్నట్టు. వెన్నుకో, నరానికో మత్తు ఇచ్చిన రోగిలో ఈ గుర్తులు కనపడవు. అలాంటి చోటే ప్రెషర్ కొలిచే సూది ఎక్కువగా పనికొస్తుంది.

దిండ్ల విషయంలో మీ తప్పేమీ లేదు. మామూలు వాపుకి ఎత్తి పెట్టడమే సరి. కానీ గదిలో ఒత్తిడి పెరిగిన కాలుకు అదే ఎదురు తిరుగుతుంది. కాలు గుండె కంటే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు పోతే అక్కడికి చేరే బీపీ సుమారు ముప్పావు మిల్లీమీటరు తగ్గుతుంది. రెండు దిండ్లు కలిపి 20 సెంటీమీటర్లు అనుకుంటే దాదాపు 15 పోయినట్టే. మీ తమ్ముడి 22లో అంత పోతే ఏం మిగులుతుందో చూడండి. అనుమానం రాగానే కాలు గుండెతో సమానంగా, ఎత్తకుండా, వేలాడదీయకుండా ఉంచాలి.

కండరం సుమారు నాలుగు గంటలు తట్టుకుంటుంది. ఆరు దాటితే కొంత, ఎనిమిది దాటితే చాలావరకు తిరిగి రాదు. తొమ్మిదికి మొదలైన నొప్పికి రెండింటికి కోశారు, అంటే అయిదు గంటలు. రెండు కోతలతో నాలుగు గదులూ తెరవొచ్చు. ఫేషియా కోయగానే కండరం పొంగి బయటికి వస్తుంది. అప్పుడే కుట్టేస్తే గలీబు మళ్లీ బిగించినట్టే కాబట్టి తెరిచి వదిలేస్తాం. వాపు తగ్గాక కుట్లో, తొడ చర్మమో.

ఇక మీ అసలు అనుమానం. బయటి కోతలో జాగ్రత్తగా చూసుకోవాల్సిన నరం ఒకటి ఉంది. అది కాలి కింది మూడో భాగంలో ఫేషియాను చీల్చుకుని చర్మం కిందికి వస్తుంది. అక్కడికి వచ్చేసరికి దాని పని స్పర్శ ఒక్కటే. తెగినా పాదం పైభాగం మొద్దుబారుతుంది తప్ప పాదం వేలాడదు. లోపలి వైపు కోతలో చర్మం కింద తగిలే నరం కూడా స్పర్శదే. కాబట్టి పాదం లేవకపోవడానికి ఆ కోతలు కారణం అయ్యే అవకాశం చాలా తక్కువ.

కారణం రెండింట్లో ఒకటి కావచ్చు, ఇంట్లోనే ఓ పరీక్ష చేయండి. మీ తమ్ముణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, అరికాలు బయటి వైపు చూసేలా పాదాన్ని తిప్పమనండి. తిప్పగలుగుతూ, మొద్దుదనం బొటనవేలి సందులోనే ఉంటే దెబ్బ తిన్నది ముందు గది. తిప్పలేకపోతే, పాదం పైభాగమంతా మొద్దుబారి ఉంటే, తేడా ఇంకా పైన ఉండొచ్చు. మోకాలి వెనక గుంటలోంచి ఒక నరం బయటి అంచు వెంట దిగి, మోకాలి బయటివైపు చేతికి తగిలే ఎముక బొడిపె కింద మెలి తిరుగుతుంది. అక్కడ దానికి రక్షణగా చర్మం తప్ప పెద్దగా ఏమీ లేదు. ఎముక విరిగినప్పుడు సాగినా, స్లాబ్ అంచు నొక్కినా దెబ్బ తింటుంది. ముందు గది, పక్క గది రెండూ దెబ్బ తిన్నా ఇలాగే కనిపించొచ్చు, అది నరాల పరీక్షలోనే తేలుతుంది.

నరాల కండక్షన్ పరీక్ష, కండరాల పనితీరు చూసే ఈఎంజీ ఇప్పుడు చేయిస్తే ఉపయోగం. నరం దెబ్బ తిని మళ్లీ పెరుగుతుంటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున నడుస్తుంది, అంటే నెలల లెక్క. ఆ లోపు చీలమండ బిగుసుకుపోతే నరం తిరిగొచ్చినా పాదం లేవదు. అందుకే చీలమండను 90 డిగ్రీల్లో పట్టి ఉంచే స్ప్లింట్ రాత్రి కూడా వేయించండి, రోజూ మూడు నాలుగుసార్లు మోకాలు చాపి ఉంచి తువ్వాలుతో పాదాన్ని పైకి లాగించండి. ముందు కండరమే చనిపోయి ఉంటే ఎంత ఆగినా రాదు. అప్పుడు వెనక లోగదిలోని ఒక కండరం స్నాయువును ముందుకు తెచ్చి కట్టే ఆపరేషన్ ఉంది. దాన్ని ఏడు వారాలకే తేల్చరు, సాధారణంగా ఏడాది దాకా చూస్తారు.

డిశ్చార్జి కాగితంలో ‘ముందు కండరం రంగు, కదలిక’ గురించి ఆ రాత్రి సర్జన్ ఏం రాశారో వెతకండి. ఆ ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకుని ఈఎంజీ రిపోర్టుతో కలిపి మళ్లీ అదే సర్జన్‌కి చూపించండి.

— ఆర్థోపెడిక్ సర్జన్, హైదరాబాద్