కెన్ ఉన్నచోట ఏబుల్ ఎందుకు?

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

నీ ఇంగ్లీషు కథ చదివాను. బెజవాడ ఆటోనగర్ మెకానిక్ కుర్రాడు బాగా కుదిరాడు. తమిళనాడు లారీ ఓనరుతో అతను "ఐ కెన్ ఏబుల్ టు రిపేర్ ఇట్" అన్నాడు. అది అతని మాట, అలాగే ఉంచు. కానీ కింది పేరాలో కథ చెబుతున్న నువ్వు కూడా "హీ కెన్ ఏబుల్ టు హియర్ ది ఇంజిన్" అని రాశావు. అది మాత్రం మార్చాలి.

ఏబుల్ క్రియ కాదు, రెడీ, హ్యాపీ లాంటి విశేషణం. "ఐ కెన్ రెడీ" అని ఎవరూ అనరు కదా! ఏబుల్‌కీ అంతే, ముందు యామ్, ఈజ్, వాజ్ లాంటిది ఉండాలి. కెన్ తర్వాత నేరుగా క్రియే రావాలి. పోనీ మధ్యలో బీ పెట్టి "కెన్ బీ ఏబుల్ టు" అందామా అంటే, ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టవుతుంది. నీ కథ జరిగిపోయిన కాలంలో నడుస్తోంది కాబట్టి అక్కడ "హీ కుడ్ హియర్" చాలు.

మరి ఏబుల్ ఎప్పుడు కావాలి? కెన్ ఇమడని చోట. మన 'గల' చేయగలడు, చేయగలగాలి, చేయగలిగితే అంటూ ఎటైనా సాగుతుంది. కెన్ అలా సాగదు, విల్ పక్కనా మస్ట్ పక్కనా నిలబడదు. అందుకే నువ్వు రాసిన "విల్ కెన్ డెలివర్" తప్పు, "విల్ బీ ఏబుల్ టు డెలివర్" ఒప్పు.

ఇంకో మెలిక ఉంది. చివరికి కుర్రాడు గేర్‌బాక్స్ విప్పగలిగాడు. దానికి "హీ కుడ్ ఓపెన్" అని రాశావు. అలా అంటే అతనికి ఆ పని వచ్చనే అర్థమే వస్తుంది గానీ, ఆ పూట విప్పాడని తేలదు. ఒక్కసారి జరిగిన పనికి "వాజ్ ఏబుల్ టు" రాయి. విప్పలేకపోతే మాత్రం "కుడ్ నాట్" హాయిగా సరిపోతుంది.

స్పేర్ పార్ట్స్ షాపాయన "యు షుడ్ మస్ట్ పే టుడే" అన్నాడని రాశావు. మనకు 'కట్టాలి' ఒక్కటే సలహాకీ, హుకుంకీ పనికొస్తుంది. గట్టిగా చెప్పాలంటే 'తప్పకుండా' చేరుస్తాం, లేదా "మస్ట్ అండ్ షుడ్‌గా కట్టాలి" అంటాం. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వచ్చేస్తుంది. ఇంగ్లీషులో రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. నీ షాపాయన ఇక అరువివ్వనని తెగేసి చెప్పినవాడు, ఆయన తెలుగులో అన్న మాటను నువ్వు ఇంగ్లీషులో పెడుతున్నావు కాబట్టి అక్కడ మస్ట్. ఆ రాత్రి కుర్రాడి అక్క నెమ్మదిగా నచ్చజెప్పేది అదే మాట. అక్కడ షుడ్ పెడితే ఇద్దరి గొంతులూ వేరువేరుగా వినిపిస్తాయి.

ఫైల్‌లో కెన్, కుడ్, విల్, షుడ్, మస్ట్ ఒక్కొక్కటీ వెతికి, పక్క మాట చూడు. నాట్, ఆల్సో లాంటివి మధ్యలో ఉండొచ్చు, వాటిని దాటాక క్రియ కనిపించాలి. ప్రశ్నల్లో మధ్యకు కర్త వస్తుంది, దాన్నీ దాటు. సరిచేశాక ఆ షాపు సీను మళ్లీ పంపు, ఆయన మాటలు ఇంకొంచెం చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు