అన్నయ్యలు చెప్పిన 70 లక్షలు ఎలా తేలాయి?

ప్రశ్న: వకీలు గారూ, పర్లాకిమిడిలో నాన్నగారు పెట్టిన జీడిపప్పు ఫ్యాక్టరీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నాకు 20 శాతం వాటా ఉంది. అన్నయ్యలు వాల్యుయర్ రిపోర్టు చూపించి, 70 లక్షలకు నా షేర్లు రాసిమ్మంటున్నారు. ఈ లెక్క సరైనదేనా? రిపోర్టు జత చేశాను.

జవాబు: ఇప్పుడే సంతకం పెట్టకండమ్మా. రిపోర్టు చదివాను. కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి. తగ్గింపుల దగ్గరే తేడా వచ్చింది.

పలాస ఫ్యాక్టరీలతో పోల్చితే బాగుండేది. కానీ వాటి షేర్లకు మార్కెట్ ధర లేదు కాబట్టి వాల్యుయర్ నాలుగు లిస్టెడ్ కంపెనీలను తీసుకున్నారు. అందులో తప్పు లేదు. వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు లాభానికి ఆ కంపెనీల విలువ ఎన్ని రెట్లుందో చూశారు. రెండు 9 రెట్లు, రెండు 6 రెట్లు. సగటు 7.5. దాన్ని సగానికి కోసి 3.75 చేశారు. మీ లాభం 2 కోట్లు కాబట్టి విలువ 7.5 కోట్లు, అందులో 4 కోట్ల అప్పు పోతే 3.5 కోట్లు. మీ వంతు 70 లక్షలు.

ఆ సగం కోతలో ఏముందో 11వ పేజీలో ఉంది: ఎదుగుదల తక్కువని 10 శాతం, కంపెనీ చిన్నదని 15, షేర్లు అమ్ముడుపోవడం కష్టమని 10, మీది మైనారిటీ వాటా అని 15.

9 రెట్లున్న రెండూ ఏటా 12 శాతం పెరుగుతున్నాయి, బ్రాండ్ పేరుతో ప్యాకెట్లు అమ్ముతాయి. 6 రెట్లున్నవి మీలాగే 5 శాతం పెరిగే, పప్పు టోకున అమ్మే కంపెనీలు. మీకు సరైన పోలిక ఇవే. 6 దగ్గర మొదలుపెడితే నెమ్మది ఎదుగుదల అందులోనే ఉంది, దానికి మళ్లీ కోత వేయకూడదు. మైనారిటీ కోత కూడా అంతే. స్టాక్ మార్కెట్లో రోజూ చేతులు మారేవి చిన్న వాటాలే, ఆ ధర ఇప్పటికే మైనారిటీ ధర. ఒకే కారణానికి రెండుసార్లు తగ్గించారన్నమాట.

సైజు కోత మాత్రం న్యాయమే. ఇద్దరు ముగ్గురు కొనుగోలుదార్ల మీద నడిచే ఫ్యాక్టరీకి రిస్కు ఎక్కువ. అమ్మకం కష్టమన్నదీ నిజమే. ఆ రెండూ కలిపి 25 శాతం తీస్తే 4.5 రెట్లు, 9 కోట్లు. అప్పు పోగా 5 కోట్లు, మీ వాటా కోటి. రెట్లు ముప్పావే మారినా మీకు 30 లక్షల తేడా వచ్చింది. అప్పున్న కంపెనీలో ఇలాగే జరుగుతుంది.

ఒక్కటి అడగండి: ఫ్యాక్టరీకి వాడని స్థలం కంపెనీ పేరున ఉందా? ఉంటే దాని విలువ విడిగా కలపాలి, ఈ రెట్ల లెక్కలో అది రాదు.

ముందు కంపెనీ ఆర్టికల్స్‌లో షేర్ల బదిలీకి ధర ఎలా తేల్చాలని రాశారో చూడండి, ఆ క్లాజు ఉంటే మన వాదన దాని లోపలే నడవాలి. లేకపోతే ఈ లెక్కతో అన్నయ్యలకు లెటర్ రాద్దాం. అమ్మి తీరాలన్న బలవంతం మీకు లేదు. కంపెనీ వ్యవహారాల్లో మిమ్మల్ని అణచివేస్తున్నారని చూపగలిగితే, 2013 కంపెనీల చట్టం సెక్షన్ 241 కింద కటక్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. దానికి 10 శాతం వాటా చాలు. సరైన ధరకు మీ షేర్లు కొనమని అది ఆదేశించగలదు. ధర తక్కువన్న ఒక్క కారణంతో మాత్రం ఆ కేసు నిలవదమ్మా. మీటింగ్ నోటీసులు రాకపోవడం, లెక్కలు చూపకపోవడం లాంటివి ఉంటే తేదీలతో రాసి పంపండి.