స్వింగ్ అంటే తిశ్రమేనా? కాగితం మీద సమానంగా ఉన్నవి ఎందుకు సమానంగా వాయించరు?

ప్రశ్న: కీబోర్డ్‌లో జాజ్ మొదలుపెట్టాను. నోట్స్‌లో ఎయిత్ నోట్స్ అన్నీ సమానంగానే ఉన్నాయి, పైన మాత్రం స్వింగ్ అని రాసి ఉంది. ఉన్నట్టే వాయిస్తే తప్పన్నారు. ట్రిప్లెట్ లెక్కలో వాయించమంటే అలాగే వాయించాను. నిదానంగా ఉన్నంతసేపు బాగానే ఉంది, స్పీడ్ పెరిగితే గుర్రం దౌడులా వినిపిస్తోంది. తప్పు ఎక్కడ?

ట్రిప్లెట్ లెక్క తప్పు కాదు. దాన్ని అన్ని స్పీడుల్లోనూ అలాగే పట్టుకుని ఉండటమే ఇబ్బంది. నేనూ సరిగ్గా ఇక్కడే దాదాపు ఏడాది ఆగిపోయాను.

చిన్నప్పుడు నల్లకుంటలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను, అందుకని స్వింగ్ నాకు మొదట తిశ్రంగానే అర్థమైంది. ఒక బీట్‌లో తకిట అనుకోండి. త మీద ఒక నోటు నొక్కి, కి అయ్యేదాకా దాన్ని వదలకుండా, ట మీద రెండోది నొక్కాలి. మొదటి నోటుకి రెండు పాళ్లు, రెండోదానికి ఒక పాలు. కాగితం మీద జంటగా, సమానంగా కనిపించే రెండు ఎయిత్ నోట్స్ ఇలా పెద్దదీ చిన్నదీ అవుతాయి.

మరి అలాగే రాయొచ్చు కదా అంటే, మన వర్ణం పుస్తకం తీసి చూడండి. అందులో స్వరాలు వరసగా ఉంటాయి, గమకం ఉండదు. గమకం గురువు దగ్గర విని నేర్చుకున్నదే. జాజ్ కూడా ఆఫ్రికన్ అమెరికన్ సంగీతకారులు విని, వాయించి పెంచుకున్న సంగీతం. కాగితం వాళ్లకి పాట గుర్తు చేస్తే చాలు. కొన్ని పాత అచ్చు నోట్స్‌లో చుక్క పెట్టిన ఎయిత్, పక్కన సిక్స్‌టీన్త్ రాసేవారు. అంటే తకధిమిలో త, మి మాత్రమే మోగించడం, మూడుకి ఒకటి. దాన్ని అక్షరాలా వాయిస్తే బిగుసుకుపోయి కవాతులా ఉంటుంది. ప్రతి బీట్‌కీ ట్రిప్లెట్ గుర్తు పెడితేనేమో పేజీ నిండిపోయి చదవడమే కష్టం. పైగా ఏ నిష్పత్తి రాసినా అది ఒక్క స్పీడుకే సరిపోతుంది. అందుకే సమానంగా రాసి, పైన ఒక్క మాట పెట్టి వదిలేస్తారు.

ఆ స్పీడు సంగతే మీ ప్రశ్నకి అసలు జవాబు. మాదాపూర్‌లో గంటకింత అని అద్దెకిచ్చే ఒక ప్రాక్టీస్ రూమ్‌లో ఆదివారాలు నలుగురం కలిసేవాళ్లం. ఒకసారి ఎఫ్‌లో బ్లూస్ నిమిషానికి 120 బీట్ల దగ్గర మొదలుపెట్టి 240 దాకా తీసుకెళ్లాం. నేను తకిట వదల్లేదు. మధ్యలో డ్రమ్స్ వాయించే తమ్ముడు స్టిక్స్ కింద పెట్టేసి, "అన్నా, నువ్వు నా సింబల్ వింటలేవ్, నీ లెక్కతోని నువ్వు పోతున్నవ్" అన్నాడు. ఆ రోజు నాకు బాగా బాధేసింది. ఇంటికొచ్చి ఫోన్‌లో రికార్డ్ చేసింది కంప్యూటర్‌లో వేసి, అల పొడుగ్గా కనపడేలా సాగదీసి చూశాను.

240 స్పీడ్‌లో ఒక బీట్ 250 మిల్లీసెకన్లు. తిశ్రం లెక్కన చిన్న నోటుకి 83 మాత్రమే మిగులుతుంది. నా వేలు అంతలో నోటు పలికించలేక దాన్ని పక్క నోటులోకి తోసేస్తోంది. మీకు గుర్రం దౌడులా వినిపించేది ఇదే. రికార్డింగ్‌ని సగం స్పీడ్‌లో వినండి. చిన్న నోట్లు విడిగా తేలకుండా తర్వాతి నోటుకి తగిలించినట్టు ఉంటే, మీదీ ఇదే సమస్య.

ఆ తర్వాత వెతుకుతుంటే, స్వీడన్ పరిశోధకులు ఆండర్స్ ఫ్రిబర్గ్, ఆండ్రియాస్ సుండ్‌స్ట్రోమ్ జాజ్ రికార్డింగులు కొలిచి 2002లో ప్రచురించిన పని కనిపించింది. వాళ్లు డ్రమ్మర్లు స్వింగ్ నడిపించే రైడ్ సింబల్ కొలిచారు. నిదానంగా ఉన్నప్పుడు నిష్పత్తి మూడున్నరకి ఒకటి దాకా వెళ్తోంది, బాగా వేగంగా ఉన్నప్పుడు దాదాపు సమానమైపోతోంది. మధ్య స్పీడు నుంచి పైకి, చిన్న నోటు మాత్రం సుమారు 100 మిల్లీసెకన్ల దగ్గరే ఉంటోంది. కుదించుకుపోయేది పెద్ద నోటు.

ఈ 100ని పట్టుకుని లెక్క వేసి చూడండి. 200 స్పీడ్‌లో బీట్ 300. చిన్నదానికి 100 పోతే పెద్దదానికి 200, అంటే అచ్చంగా తిశ్రం. 240లో 150, 100, అంటే ఒకటిన్నరకి ఒకటి. 300లో బీట్ 200 మాత్రమే, కాబట్టి రెండూ సమానం. మీరు నేర్చుకున్న రెండుకి ఒకటి ఈ దారిలో ఒక మజిలీ అంతే.

నిదానంగా ఉన్నప్పుడు బాగానే ఉందన్నారు కదా, అక్కడ కూడా ఒక విషయం ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అదే పరిశోధనలో సోలో వాయించేవాళ్ల నిష్పత్తి డ్రమ్మర్‌కన్నా తక్కువగా తేలింది. మరి ఇద్దరూ ఎలా కలుస్తారు? ఆఫ్‌బీట్ దగ్గర, అంటే జంటలో రెండో నోటు దగ్గర కలుస్తారు. బీట్ మీది నోటుని సోలో వాయించేవాళ్లు సింబల్ తర్వాత కొంచెం ఆలస్యంగా వేస్తారు.

120 స్పీడ్ తీసుకుందాం. బీట్ 500 మిల్లీసెకన్లు. డ్రమ్మర్ మూడుకి ఒకటి వాయిస్తే అతని ఆఫ్‌బీట్ 375 దగ్గర పడుతుంది. మీరూ ఆఫ్‌బీట్ 375 దగ్గరే వేసి, బీట్ నోటుని మాత్రం 60 ఆలస్యంగా మొదలుపెట్టారనుకోండి. మీ పెద్ద నోటు 315, చిన్నది 185. అంటే ఒకటీ పాయింట్ ఏడుకి ఒకటి, తిశ్రం కన్నా మెత్తగా. వినేవాళ్లకి మీరు వెనక్కి ఆనుకుని హాయిగా వాయిస్తున్నట్టుంటుంది, అయినా ఆఫ్‌బీట్ దగ్గర కలుస్తున్నారు కాబట్టి తాళం తప్పినట్టు ఉండదు. ఆఫ్‌బీట్ కూడా ఆలస్యమైతే మాత్రం నిజంగానే వెనకబడినట్టు. మా తమ్ముడు సింబల్ వినమన్నది దీని గురించేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

దీన్ని మిల్లీసెకన్లు లెక్కపెట్టుకుంటూ ఎవరూ వాయించలేరు, నేనూ వాయించను. నాకు పనికొచ్చింది ఇది: మెట్రోనోమ్ 60కి పెట్టి ఆ క్లిక్‌ని రెండో బీట్, నాలుగో బీట్ అనుకోండి, అప్పుడు పాట 120లో నడుస్తుంది. డ్రమ్మర్ హై-హ్యాట్ మూసే చోటు అదే. అలాగే పెంచుకుంటూ 80, 100, 120 దాకా వెళ్లండి. ఎక్కడో ఒకచోట తకిట నోటి నుంచి జారిపోతుంది. జారనివ్వండి, బలవంతంగా పట్టుకోవద్దు.

వేగంలో రెండు నోట్లూ దాదాపు సమానమైనా స్వింగ్ ఎలా మిగులుతుందంటే, ఒత్తు వల్ల. ఆఫ్‌బీట్ నోటుని కాస్త గట్టిగా నొక్కి, వేలు ఎత్తకుండా తర్వాతి బీట్ నోటులోకి కలిపేయండి, ఆ బీట్ నోటు తేలికగా ఉండాలి. కొత్తవాళ్లు దాదాపు అందరూ బీట్ మీదే గుద్దుతారు. నా పాత రికార్డింగుల్లో నిష్పత్తి సరిగ్గా ఉన్న చోట్ల కూడా దీనివల్లే స్వింగ్ రాలేదు. ఒక్క సి స్కేలు తీసుకుని, 120లోనూ 240లోనూ ఈ ఒత్తుతో వాయించి రికార్డ్ చేసి వినండి. 240 దాంట్లో చిన్న నోటు విడిగా వినపడితే మీ గుర్రం దౌడు పోయినట్టే.