ఫోన్ స్క్రీనింగ్ తర్వాత రిక్రూటర్‌కి రాసే నాలుగు ముక్కల మెయిల్

ప్రశ్న: నమస్తే మేడం. డాలస్‌లో బిజినెస్ అనలిటిక్స్‌లో ఎంఎస్ చేస్తున్నాను, ఇది చివరి సెమిస్టర్. ఈ రోజు, గురువారం మధ్యాహ్నం, బోస్టన్ కంపెనీ రిక్రూటర్ ఒకామె డేటా అనలిస్ట్ ఉద్యోగం గురించి ఫోన్‌లో దాదాపు అరగంట మాట్లాడారు. వీసా స్పాన్సర్‌షిప్ కావాలా అని అడిగితే టెన్షన్‌లో అక్కర్లేదు అనేశాను. థాంక్యూ మెయిల్ పంపమని సీనియర్ చెప్తున్నాడు. మా రూమ్మేట్ మాత్రం ఇది మొదటి రౌండే కదా, మేనేజర్‌తో మాట్లాడాక పంపితే చాలు, ఇప్పుడే రాస్తే వెంటపడినట్టు ఉంటుంది అంటోంది. పంపాలా వద్దా? పంపితే ఏం రాయాలి?

జవాబు: పంపండి. రేపు మధ్యాహ్నంలోగా అందేలా చూసుకోండి. అమెరికాలో ఇంటర్వ్యూ తర్వాత థాంక్యూ మెయిల్ రాయడం మామూలే, మీరు వెంటపడుతున్నారని ఎవరూ అనుకోరు. మేనేజర్ రౌండ్ దాకా ఆగమనడం మాత్రం సరైన సలహా కాదు. మీరు ఆ రౌండ్‌కి వెళ్తారా లేదా అన్నది చాలావరకు ఇప్పుడు ఈ రిక్రూటర్ రాసే మాటల మీదే ఆధారపడి ఉంటుంది.

కాల్ అయ్యాక ఆమె తన నోట్స్‌ని కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తారు. ఏ అనుభవం ఉంది, ఎప్పుడు చేరగలరు, జీతం ఎంత ఆశిస్తున్నారు, స్పాన్సర్‌షిప్ కావాలా లాంటివి అందులో ఉంటాయి. మాట్లాడిన వాళ్ళలో ఎవరిని ముందుకు పంపాలో తేల్చుకుని, ఒక్కొక్కరి గురించి రెండు మూడు వాక్యాలు మేనేజర్‌కి రాస్తారు. చాలాచోట్ల ఇదంతా ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ వాక్యాలు రాసేలోపు మీ మెయిల్ అందితే ఆమెకి పనికొస్తుంది. వారం తర్వాత అందితే మర్యాదగా మిగులుతుంది, అంతే. అలాగని ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాలకే పంపినా, ముందే రాసి పెట్టుకున్నట్టు ఉంటుంది. ఈ రాత్రి రాసుకుని, పొద్దున ఇంకోసారి చదివి, బోస్టన్ టైమ్ ప్రకారం తొమ్మిదింటికి వెళ్ళేలా షెడ్యూల్ చేయండి. డాలస్ కంటే బోస్టన్ ఒక గంట ముందు ఉంటుంది, అది మరిచిపోకండి. రేపు శుక్రవారం కాబట్టి సాయంత్రం దాకా లాగొద్దు. సాయంత్రం వెళ్ళిన మెయిల్ సోమవారం పొద్దున వచ్చే గుట్టలో కలిసిపోతుంది.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, కాల్ టైమ్ ఖాయం చేసినప్పటి మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. పాత మాటలన్నీ కిందే ఉంటాయి కాబట్టి మీరెవరో, ఏ ఉద్యోగమో ఆమె వెతుక్కోనక్కర్లేదు. పంపేముందు అడ్రస్ ఒకసారి చూడండి. అపాయింట్‌మెంట్ మెయిల్స్ తరచూ కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి వస్తాయి, అడ్రస్‌లో noreply అని ఉంటే మీ జవాబు ఎవరికీ చేరదు. అప్పుడు క్యాలెండర్ ఇన్విటేషన్‌లో ఆమె అడ్రస్ ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే లింక్డ్ఇన్‌లో మెసేజ్ పెట్టండి. అడ్రస్ ఊహించి పంపడం మాత్రం వద్దు.

ఇక మెయిల్ సంగతి. నూరు, నూట ఇరవై పదాలు దాటనివ్వకండి, ఫోన్ స్క్రీన్ మీద ఒక్క చూపులో అయిపోవాలి. మొదటి వాక్యంలో ఆమె పేరు, ఏ ఉద్యోగం గురించి మాట్లాడారో, సమయం ఇచ్చినందుకు థాంక్స్. ఆమె పేరు స్పెల్లింగ్ సంతకంలోంచి కాపీ చేసుకోండి.

రెండో వాక్యమే అసలైనది. కాల్‌లో ఆమె నోటి నుంచి వచ్చిన ఒక విషయాన్ని పట్టుకోండి. ఉదాహరణకి, టీమ్‌లో ఇప్పటికీ నెలవారీ రిపోర్టులు ఎక్సెల్‌లో చేత్తో చేస్తున్నారు, వాటిని డ్యాష్‌బోర్డులుగా మార్చే మనిషి కావాలి అని ఆమె అన్నారనుకుందాం. అప్పుడు మీరు రాయాల్సింది ఇంత: "రిపోర్టులను డ్యాష్‌బోర్డులుగా మార్చడం గురించి మీరు చెప్పింది నాకు ఆసక్తిగా అనిపించింది. ఇంటర్న్‌షిప్‌లో ఒక స్టోర్స్ టీమ్ కోసం వారం వారం వచ్చే అమ్మకాల రిపోర్టుని ఇలాగే పవర్ బీఐలోకి మార్చాను." సొంతంగా చేసిన పని, అవతలివాళ్ళకి కావలసిన పని, రెండూ పక్కపక్కన ఉన్నాయి. రిక్రూటర్ ఈ ముక్కని మేనేజర్‌కి రాసేటప్పుడు దాదాపు అలాగే వాడుకోగలరు. రిక్రూటర్లలో చాలామందికి టెక్నికల్ లోతు తెలియాల్సిన పని లేదు, కాబట్టి మీరు రాసిన కోడ్ వివరాలు ఇక్కడ దండగ. "మీ గొప్ప కంపెనీలో పనిచేయడం నా కల" లాంటి వాక్యం ఏ కంపెనీకైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ గుర్తుండదు.

మూడోది మీ స్పాన్సర్‌షిప్ జవాబు. దీన్ని వదిలేయొద్దని గట్టిగా చెప్తున్నాను. అక్కడ సాధారణంగా అడిగేది "ఇప్పుడు గానీ ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా" అని. ఇప్పటికి అక్కర్లేకపోయినా, చదువు తర్వాత కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ అయ్యాక అక్కడే పనిచేయాలనుకునే ఎఫ్‌-1 విద్యార్థికి మామూలుగా హెచ్‌-1బి కావాలి, అంటే జవాబు "అవును". ఫోన్‌లో అక్కర్లేదు అని, తర్వాత అప్లికేషన్ ఫారంలో అవును అని రాస్తే, మధ్యలో మాట మార్చినట్టు కనిపిస్తుంది. ఆఫర్ దగ్గరికొచ్చాక బయటపడితే ఇంకా కష్టం. అందుకే ఇలా రాయండి: "స్పాన్సర్‌షిప్ గురించి నేను చెప్పింది అసంపూర్ణం, సరిచేస్తున్నాను. చదువు అయ్యాక 12 నెలల ఓపీటీ, ఆ పైన 24 నెలల స్టెమ్ పొడిగింపుకి అవకాశం ఉంది. ఆ తర్వాత కొనసాగాలంటే స్పాన్సర్‌షిప్ కావాలి." క్షమాపణలు, టెన్షన్ సంగతి, వీసా కథ అక్కర్లేదు.

ఇది రాసేముందు రెండు విషయాలు చూసుకోండి. బిజినెస్ అనలిటిక్స్ కోర్సుల్లో కొన్ని సైన్స్, టెక్నాలజీ కోర్సుల జాబితా అయిన స్టెమ్ కిందకి రావు, మీ ఐ-20 మీద ఉన్న, కోర్సు విభాగాన్ని చెప్పే సీఐపీ కోడ్‌ని యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓకి చూపించి ఖాయం చేసుకోండి. ఆ పొడిగింపుకి కంపెనీ, ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో ఉండాలి, అయితే ఈ మాట మెయిల్‌లో ఎత్తకండి, తర్వాతి రౌండ్‌లో అడగొచ్చు. రేపు పొద్దుటికల్లా డీఎస్‌ఓ దొరక్కపోతే స్టెమ్ మాట తీసేసి ఓపీటీ, ఆ తర్వాత స్పాన్సర్‌షిప్ అని మాత్రం రాయండి. ఈ నిజం చెప్పడం వల్ల ఉద్యోగం చేజారవచ్చు కూడా, స్పాన్సర్ చేయని కంపెనీలు చాలా ఉన్నాయి. అలాంటి చోట నాలుగు రౌండ్లు తిరిగాక కాదనిపించుకునే కంటే ఇప్పుడే తెలియడం మీకు మేలు.

చివరి వాక్యం: ఇంకేమైనా వివరాలు కావాలంటే పంపుతాను, మీ దగ్గర్నుంచి కబురు కోసం చూస్తుంటాను. కింద పేరు, ఫోన్ నంబర్. రెజ్యూమె మళ్ళీ జతచేయొద్దు, అది ఆమె దగ్గర ఉంది. జీతం అడగొద్దు, సెలెక్ట్ అయ్యానా అని అడగొద్దు. "రెస్పెక్టెడ్ మేడం", "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" ఇక్కడ మనకి అలవాటు, అక్కడ వింతగా చదువుతారు. "హాయ్" అని ఆమె మొదటి పేరు రాస్తే చాలు. ఒకే వారంలో మూడు కంపెనీలతో మాట్లాడే వాళ్ళు పాత మెయిల్‌ని కాపీ చేసి వేరే కంపెనీ పేరు వదిలేస్తుంటారు, పంపేముందు దాన్ని ప్రత్యేకంగా వెతకండి.

ఆమె జవాబివ్వకపోతే కంగారు పడకండి. థాంక్యూ మెయిల్‌కి చాలామంది రిక్రూటర్లు తిరిగి రాయరు. ఎప్పటికి చెప్తామని కాల్‌లో అన్నారో గుర్తుందా? వారం అని ఉంటే ఆ వారం గడిచాక, ఒకటి రెండు పనిదినాలు ఆగి, అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో ఒక్కసారి అడగండి. ఏమీ చెప్పకపోయి ఉంటే వచ్చే శుక్రవారం అడగొచ్చు.