క్యాప్షన్లు ఒడియాలో, ఆడియో వివరణ తెలుగులో

ప్రశ్న: పర్లాకిమిడిలో పదో తరగతి పిల్లల కోసం ఆమ్లాలు, క్షారాల మీద తెలుగులో వీడియో చేశాను. వినపడని పిల్లలు, చూపు లేని పిల్లలు కూడా అర్థం చేసుకునేలా క్యాప్షన్లు, ఆడియో వివరణ ఎలా చేర్చాలి?

జవాబు: ముందు ఆ పిల్లలు బడిలో ఏ లిపి చదువుతున్నారో కనుక్కోండి. మా రాయగడలో నేను ఇలాంటి వీడియోలు చేసేటప్పుడు తేలింది ఇదే: ఇంట్లో అందరూ తెలుగువాళ్లే అయినా, వినపడని పిల్లవాడు బడిలో నేర్చింది ఒడియా అక్షరాలే. తెలుగు క్యాప్షన్లు వాడికి గీతలతో సమానం. చూపు లేని అమ్మాయి సంగతి వేరు. ఇంట్లో చెవిన పడే తెలుగు ఆమెకు హాయిగా అర్థమవుతుంది. అందుకే క్యాప్షన్లు రెండు భాషల్లో రెండు ఫైళ్లుగా, వివరణ తెలుగులో చేస్తాను. ఒడియా ఫైలులో శాస్త్ర పదాలు వాళ్ల పాఠ్యపుస్తకంలో ఉన్నవే ఉండాలి.

ఫైలు మామూలు నోట్‌ప్యాడ్‌లో రాయవచ్చు:

```
WEBVTT

00:01:12.000 --> 00:01:15.500
[గాజు కడ్డీ చప్పుడు]
సున్నపు తేటలో ఒక చుక్క వేశాను.
```

`.vtt` పేరుతో, UTF-8లో భద్రపరచండి. వేరే ఎన్‌కోడింగ్‌లో పెడితే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఒక్కసారికి రెండు వరుసలు మించకూడదు. పాఠానికి పనికొచ్చే చప్పుళ్లే రాయండి. వీధిలో ఆటో హారన్ ఎవరికీ అక్కర్లేదు.

అసలు చిక్కు ఆడియో వివరణది. ఫినాల్ఫ్తలీన్ చుక్క పడగానే మాస్టారు "చూశారా, ఎలా మారిందో!" అని వెంటనే నిమ్మరసం అందుకుంటారు. చూపు లేని పిల్లకు అక్కడ దక్కింది ఏమీ లేదు. మాటల మధ్య నాలుగు సెకన్ల ఖాళీ ఉంటే "రంగులేని సున్నపు తేట గులాబీ రంగుకు మారింది" అన్న వాక్యం నింపాదిగా పడుతుంది. వివరణ వేరే గొంతుతో చెప్పించండి, లేకపోతే అది కూడా మాస్టారి మాటే అనుకుంటారు. "అద్భుతమైన రంగు" వంటివి వద్దు, కనిపించినది చెబితే చాలు.

ఖాళీ లేకపోతే ఆ దృశ్యాన్ని అక్కడే ఆపి, వివరణ పూర్తయ్యాక మళ్లీ నడిపించాలి. అప్పుడు వీడియో నిడివి పెరుగుతుంది. 1:16 దగ్గర ఐదు సెకన్లు ఆపితే, ఆ తరువాతి క్యాప్షన్ల సమయాలన్నిటికీ ఐదేసి సెకన్లు కలపాలి. కలపకపోతే మాస్టారు నోరు విప్పకముందే అక్షరాలు వచ్చేస్తాయి. అందుకే నేను వివరణ ఉన్న వీడియోను వేరుగా ఎక్కించి, దానికి సరిచేసిన ఫైళ్లు జతచేస్తాను.

ఇంకా చిత్రీకరణ మిగిలి ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. మాస్టారి చేతనే "తేట గులాబీ రంగుకు మారింది, నిమ్మరసం పోస్తే మళ్లీ రంగు పోయింది" అని చెప్పించండి. పూర్తయ్యాక ఒకసారి శబ్దం తీసేసి, ఒకసారి తెర మీద గుడ్డ కప్పి నడిపించి చూడండి. గుడ్డ కప్పినప్పుడు "ఇది", "అది", "ఇక్కడ" అన్న మాటలు వినబడిన చోటల్లా వివరణ తక్కువైనట్టే.